బెంగళూరులో మిద్దె తోట ఖర్చు: కుండీ ధర కాదు, మట్టి లీటరు లెక్క

మిద్దె తోట మొదలుపెట్టాలనుకునేవారిలో ఎక్కువమంది ముందుగా ఆగిపోయేది కుండీల దగ్గరే. గ్రో బ్యాగులా, మట్టి కుండీలా, నీలం డ్రమ్ములను సగానికి కోయించాలా అని వారాల తరబడి ధరలు పోల్చి చూస్తారు. తీరా తోట పెట్టి ఏడాది గడిచాక పద్దులు తిరగేస్తే, మొత్తం ఖర్చులో కుండీల వాటా ఏడో వంతు కూడా లేదని తేలుతుంది. పెద్ద మొత్తం మట్టి మిశ్రమానికీ, నెలనెలా పోషణకూ పోయి ఉంటుంది. తోటమాలిని పెట్టుకున్న ఇంట్లో అయితే అతని కూలీ ముందు మిగిలినవన్నీ చిన్నవిగానే కనిపిస్తాయి. అందుకే ఈ పోలికలో కుండీని ఒక వస్తువుగా కాకుండా, అది పట్టే మట్టితోనూ, అది అడిగే నీటితోనూ, అది నిలిచే కాలంతోనూ కలిపి లెక్క వేస్తున్నాను.

ఇక్కడ ఇచ్చిన ధరలు లెక్క కోసం వేసుకున్నవి. సిద్ధాపురలో లాల్‌బాగ్ పక్కనున్న నర్సరీల్లో అడిగినా, మీ పేటలోని కొట్లో అడిగినా, ఆన్‌లైన్‌లో చూసినా అవి కొంత అటూ ఇటూ ఉంటాయి. మీకు దొరికిన ధరను ఆయా చోట్ల పెట్టుకుంటే లెక్క మళ్లీ నడుస్తుంది, ఎందుకంటే లీటర్లూ కిలోలూ ధరలతోపాటు మారవు.

ముందు చూడవలసిన నాలుగు విషయాలు

మొదటిది వేళ్లకు దొరికే చోటు. టమాటా, వంకాయ, బెండ, మిరప వంటి వాటికి మొక్కకు 15 నుంచి 20 లీటర్ల మట్టి ఉంటే కాపు నిలుస్తుంది. ఆకుకూరలకు లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. కరివేపాకు, నిమ్మ వంటి ఏళ్ల తరబడి ఉండే మొక్కలకు 60 లీటర్లకు తగ్గితే రెండో ఏడాదికే ఎదుగుదల ఆగిపోతుంది. కాబట్టి రెండు కుండీల ధరలు పోల్చేటప్పుడు లీటరుకు ఎంత పడుతోందో చూడాలి. పన్నెండు అంగుళాల వ్యాసం ఉన్న గ్రో బ్యాగు నిట్టనిలువుగా ఉంటుంది కనుక, పైన రెండు అంగుళాలు వదిలినా సుమారు 18 లీటర్లు పడుతుంది. అదే పన్నెండు అంగుళాల మట్టి కుండీ కిందికి సన్నబడుతుంది, గోడ మందంగా ఉంటుంది, అందువల్ల పట్టేది 12 నుంచి 14 లీటర్లే. పేరుకు రెండూ పన్నెండు అంగుళాలవే.

రెండోది బరువు. మనుషులు ఎక్కి తిరిగే కప్పుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్ల భారాన్ని, అంటే సుమారు 150 కిలోలను, లెక్కలోకి తీసుకోమంటుంది. ఎర్రమట్టి మూడో వంతు ఉన్న మిశ్రమం తడిసినప్పుడు లీటరుకు 1.2 నుంచి 1.3 కిలోలు తూగుతుంది. పన్నెండు అంగుళాల బ్యాగు ఒక్కటీ 23 కిలోలు అవుతుంది, కానీ రెండడుగులకు ఒకటి చొప్పున పెడితే చదరపు మీటరుకు 65 కిలోలకు మించదు. సగం డ్రమ్ములో 85 లీటర్లు పోస్తే అది 110 కిలోలు అవుతుంది, అదీ పావు చదరపు మీటరు జాగాలో. అందుకే డ్రమ్ములు స్లాబు మధ్యలో పక్కపక్కన పేర్చడానికి పనికిరావు. గోడల వెంబడి, కింద దూలం ఉన్న చోట, ఒక్కోదానికి చదరపు మీటరు చొప్పున వదిలి పెట్టాలి. ఇల్లు పాతదైతే, లేదా స్లాబు కింద పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తూ ఉంటే, ఈ లెక్కలేవీ పనిచేయవు. ముందు ఇంజనీరుకు చూపించాలి.

మూడోది మన్నిక, నాలుగోది నీరు పెట్టడంలో ఎంత వెసులుబాటు ఉంటుందనేది. ఈ నాలుగోదాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. చిన్న కుండీ చౌకగానే దొరుకుతుంది, అయితే ఏప్రిల్‌లో అది రోజుకు రెండుసార్లు నీళ్లు అడుగుతుంది. సంక్రాంతికో, వేసవి సెలవులకో ఊరికి వెళ్లే కుటుంబానికి అసలు ఖర్చు అక్కడే మొదలవుతుంది.

లెక్కకు తీసుకున్న ఇల్లు

రామమూర్తి నగర్ వైపు 30×40 సైటులో కట్టిన ఇంటిని ఊహించుకుందాం. పైన రెండు గదులు పోగా తోటకు 200 చదరపు అడుగులు మిగిలాయి. అత్తగారు, భార్యాభర్తలు, ఒక బాబు ఉండే తెలుగు కుటుంబం. ఇరవై కాయగూర మొక్కలు, నాలుగు వెడల్పాటి తొట్లలో ఆకుకూరలు (తోటకూర, చుక్కకూర, గోంగూర, మెంతికూర), ఒక కరివేపాకు, ఒక నిమ్మ కావాలని అనుకున్నారు. కాయగూరలకు 18 లీటర్ల చొప్పున 360, ఆకుకూరలకు 24×9 అంగుళాల తొట్టిలో 50 లీటర్ల చొప్పున 200, రెండు పెద్ద మొక్కలకు 65 చొప్పున 130, అన్నీ కలిపి సుమారు 700 లీటర్ల మట్టి. ఇకమీద ప్రతి పోలికా ఈ 700 లీటర్ల మీదే.

కుండీలు: నాలుగు దారులు

| రకం | 700 లీటర్లకు మొదటి ఖర్చు | లెక్కకు వేసుకున్న ఆయుష్షు | ఏడాదికి పడేది |
|---|---|---|---|
| పలుచని నల్ల పాలిథిన్ సంచులు | రూ. 800 | 1 ఏడాది | రూ. 800 |
| నేసిన హెచ్‌డీపీఈ గ్రో బ్యాగులు | రూ. 2,100 | 3 ఏళ్లు | రూ. 700 |
| సగం డ్రమ్ములు (4 డ్రమ్ములు, 8 సగాలు) | రూ. 4,400 | 8 ఏళ్లు | రూ. 550 |
| మట్టి కుండీలు, రవాణాతో | రూ. 8,600 | 8 ఏళ్లు | రూ. 1,075 |

మొదటి ఖర్చులో పదింతల తేడా ఉన్నా, ఏడాది లెక్కకు వచ్చేసరికి అది రెండింతలకు పడిపోయింది. అంటే నెలకు నలభై, యాభై రూపాయల తేడా. ఆ కాస్త తేడా కోసం ఇంతగా తర్జనభర్జన పడనక్కర్లేదు, మిగిలిన గుణాలను చూసి ఎంచుకోవచ్చు.

పలుచని సంచులను నేను ఎవరికీ సలహా ఇవ్వను. బెంగళూరులో వేడి చెన్నై అంత లేకపోయినా, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉన్న ఈ ఊరి ఎండ ప్లాస్టిక్‌ను తొందరగానే పెళుసు చేస్తుంది. సంచి చినిగేది సాధారణంగా మొక్క కాపు మీద ఉన్నప్పుడే. వేళ్లు కదలకుండా మరో సంచిలోకి మార్చడం దాదాపు అసాధ్యం కనుక, చినిగిన సంచితోపాటు ఆ పంట కూడా పోయినట్టే.

నేసిన హెచ్‌డీపీఈ బ్యాగు కొనేటప్పుడు 220 జీఎస్ఎం మందం ఉందో లేదో, ఎండను తట్టుకునేలా యూవీ పూత వేసినదో కాదో అడగాలి. కుట్టు దారం కూడా ముఖ్యమే, ఎందుకంటే ముందు తెగేది బట్ట కాదు, అడుగు కుట్టు. రెండు వైపులా పిడులు ఉంటే 23 కిలోల బ్యాగును ఇద్దరు సులువుగా జరపగలరు. పదకొండు నెలల అగ్రిమెంటుతో అద్దెకు ఉండేవారికి ఇంతకంటే సరైనది లేదు, ఎందుకంటే ఇల్లు మారేటప్పుడు మట్టిని పాత సిమెంటు సంచుల్లోకి ఎత్తి, బ్యాగులను మడిచి తీసుకెళ్లవచ్చు.

సగం డ్రమ్ము సొంత ఇంటివారికి మంచి ఎంపిక. 85 లీటర్ల మట్టి నీటిని పట్టి ఉంచుతుంది, ఎండాకాలంలో కూడా రోజు విడిచి రోజు పెడితే సరిపోతుంది, ఒక్కోదానిలో మూడు టమాటాలో, పందిరికి పాకే రెండు బీరపాదులో పెట్టుకోవచ్చు. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఆ డ్రమ్ములో అంతకుముందు ఏమి ఉండేదో అమ్మేవాడిని అడగాలి. నూనె, చక్కెరపాకం, ఆహారపు రంగులు వంటివి వచ్చినదైతే సరే, రసాయనాల వాసన ఏమాత్రం వచ్చినా వదిలేయాలి. రెండోది, అడుగున నాలుగు రంధ్రాలు వేసి సరిపెట్టుకోకుండా, అడుగుకు అంగుళం పైన పక్కల కూడా ఆరు రంధ్రాలు వేయించాలి. డ్రమ్ము నేలకు ఆనినప్పుడు అడుగు రంధ్రాలు మూసుకుపోతాయి, అక్టోబరు వానల్లో లోపల నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి.

మట్టి కుండీల అందం గురించి వాదన లేదు, వేళ్లకు గాలి తగిలే విషయంలో కూడా వాటికి సాటి లేదు. కానీ ఆ గాలి తగిలే గుణమే మార్చి, ఏప్రిల్ నెలల పొడి గాలిలో నీటిని గోడల గుండా లాగేస్తుంది. నీటి లెక్కలో కనీసం మూడో వంతు అదనంగా వేసుకోవాలి. బోరు నీళ్లు పోసే ఇళ్లలో కుండీ బయట తెల్లటి ఉప్పు పొర కడుతుంది. కూరగాయలకు కాకుండా, తులసికీ, మల్లెకీ, వరండాలో కనిపించే నాలుగైదు పూల మొక్కలకీ వీటిని పరిమితం చేస్తే ఖర్చు అదుపులో ఉంటుంది.

మట్టి: అసలు డబ్బు ఇక్కడే

700 లీటర్ల కుండీలు నింపడానికి 700 లీటర్లు కొంటే చాలదు. పొడిగా కలిపిన మిశ్రమం నాలుగైదు తడులకు అణిగిపోతుంది, కొబ్బరి పొట్టు సందుల్లోకి మట్టి దిగుతుంది. 850 లీటర్ల దాకా సిద్ధం చేసుకోవాలి. మూడు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది, ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు సమపాళ్లలో కలపడం. ఎర్రమట్టి 280 లీటర్లంటే సుమారు 340 కిలోలు, నలభై కిలోల సంచులు తొమ్మిది, రూ. 1,080. కొబ్బరి పొట్టు ఐదు కిలోల ఇటుక ఒకటి నానితే 65 లీటర్ల దాకా ఉబ్బుతుంది కనుక ఐదు ఇటుకలు, రూ. 1,100. వర్మీకంపోస్టు యాభై కిలోల బస్తాలు నాలుగు, రూ. 2,400. వేపపిండి పది కిలోలు, రూ. 450. రవాణా, మేడపైకి మోత కూలి రూ. 700. మొత్తం రూ. 5,730.

రెండోది, మట్టి లేకుండా రెండు పాళ్లు కొబ్బరి పొట్టు, ఒక పాలు వర్మీకంపోస్టు. తొమ్మిది ఇటుకలు, నాలుగు బస్తాలు, వేపపిండి, తక్కువ రవాణా కలిపి రూ. 5,230. ధరలో పెద్ద తేడా లేదు, బరువులో ఉంది. తడిసినా లీటరు 0.85 కిలో దగ్గరే ఆగుతుంది, అంటే మొత్తం తోట 875 కిలోల నుంచి 600 కిలోలకు దిగుతుంది.

మూడోది, సంచుల్లో అమ్మే సిద్ధ మిశ్రమం. ఇరవై కిలోల సంచులు ఇరవై నాలుగు, సంచి రూ. 450 చొప్పున రూ. 10,800. అయిదారు కుండీలకైతే ఇదే సుఖం, తోట మొత్తానికి మాత్రం మీరు డబ్బు పెడుతున్నది కలిపే శ్రమకే.

స్లాబు బరువుకు ఆగుతుందనుకుంటే నా ఓటు మొదటిదానికి. మట్టి లేని మిశ్రమంలో పోషకాలను పట్టి ఉంచే శక్తి తక్కువ, కాబట్టి పదిహేను రోజులకోసారి ద్రవ ఎరువు వేస్తూనే ఉండాలి, ఏ వారం మరిచిపోయినా ఆకులు చెబుతాయి. ఎర్రమట్టి కలిసిన దానిలో ఆ పొరపాట్లకు కొంత ఓర్పు ఉంటుంది. అలాగని ఎర్రమట్టిని సగానికి మించి పోస్తే మరో చిక్కు. నీళ్లు పోశాక అవి నిమిషానికి మించి పైనే నిలుస్తూ ఉంటే, లేదా ఎండినప్పుడు మట్టి కుండీ అంచును వదిలి లోపలికి ముడుచుకుంటూ ఉంటే, మిశ్రమం గట్టిపడిందని అర్థం. అప్పుడు అంచు సందులోంచి నీరు కిందికి జారిపోతుంది, వేళ్లకు అందదు. కింద నీరు కారుతోంది కదా అని యజమాని సంతృప్తి పడుతూ ఉంటాడు, మొక్క మాత్రం వడలిపోతూ ఉంటుంది.

కొబ్బరి పొట్టు విషయంలో ఒక పరీక్ష తప్పనిసరి. సముద్ర తీరపు కొబ్బరి పీచు నుంచి వచ్చిన దానిలో ఉప్పు ఉంటుంది. కడగకుండా వాడితే రెండు మూడు వారాల్లో లేత ఆకుల కొసలు మాడుతాయి, దాన్ని చాలామంది నీటి కొరత అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. ఆర్‌వో యంత్రం నీళ్లు చూడటానికి చాలా ఇళ్లలో ఉండే టీడీఎస్ మీటరే ఇక్కడా పనికివస్తుంది. పోసే నీటి అంకెను ముందు రాసుకోండి, పొట్టును నానబెట్టి పిండిన నీటి అంకె చూడండి, రెండింటి మధ్య తేడా రెండు మూడు వందలకు దిగే వరకు కడగండి. సాధారణంగా రెండు మూడు కడుగులు పడతాయి. ఇటుకకు అరవై డెబ్బై లీటర్లు కావాలి, అంటే తొమ్మిది ఇటుకలకు సుమారు 600 లీటర్లు. ట్యాంకరు మీద బతికే వీధిలో ఇది కూడా ఖర్చే, కనుక అక్కడ ‘లో ఈసీ’ అని అమ్మే కడిగిన పొట్టుకు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు.

వర్మీకంపోస్టులో మోసం వేరే విధంగా జరుగుతుంది. దాన్ని కిలోల్లో అమ్ముతారు, నీళ్లు చల్లితే బరువు పెరుగుతుంది. గుప్పెడు తీసి గట్టిగా పిసికితే ముద్ద కట్టాలి, వేళ్ల మధ్య నుంచి నీరు కారకూడదు. ఒక గాజు గ్లాసు నీటిలో రెండు చెంచాలు వేసి కలిపి వదిలేస్తే, ఇసుక కలిపినదైతే అడుగున తేలిక రంగు పొరగా వెంటనే దిగుతుంది. పండని ఎరువు అంతకంటే ప్రమాదం. తడి ఎరువును ఒక పాలిథిన్ కవరులో కట్టి నీడలో రెండు మూడు రోజులు ఉంచి విప్పితే మట్టి వాసన రావాలి. కుళ్లు వాసనో, ఘాటైన అమ్మోనియా వాసనో వచ్చినా, కవరు వెచ్చగా తగిలినా, ఆ బస్తాను నెల రోజులు పక్కన పెట్టి, ఆ తరువాతే కుండీల్లో వేయాలి.

నారు, విత్తనాలు

ఈ పద్దు చిన్నది. టమాటా, వంకాయ, మిరపలకు ప్రో ట్రేలో పెంచిన నారు మొక్క పది రూపాయల చొప్పున, బెండ, గోరుచిక్కుడు, ఆకుకూరలకు విత్తనాలు, అంటు నిమ్మ ఒకటి, కరివేపాకు ఒకటి కలిపి తొలిసారి రూ. 900 చాలు. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ అర్క పేరుతో విడుదల చేసిన రకాల్లో బెండకు అర్క అనామిక, టమాటాకు అర్క రక్షక్ తెలిసినవి. అర్క రక్షక్ హైబ్రిడ్ కనుక దాని విత్తనం దాచి మళ్లీ వేయడం వల్ల అదే గుణం రాదు, ఏటా కొనాల్సిందే. బెండ విత్తనం మాత్రం రెండు కాయలు ముదరనిస్తే మరుసటి పంటకు ఇంట్లోనే దొరుకుతుంది.

డబ్బు లెక్కలో తిరిగి వచ్చేది ఏమిటో కూడా ఇక్కడే చూసుకోవాలి. తోటకూర విత్తిన నెలలోపే కోతకు వస్తుంది, గోంగూరను కొసలు తుంచుతూ నెలల తరబడి వాడుకోవచ్చు, కరివేపాకు ఏళ్లపాటు ఇస్తుంది. క్యాబేజీ, కాలీఫ్లవరు ఒక్కో బ్యాగును మూడు నెలలు ఆక్రమించి ఒక్క పువ్వో, ఒక్క గడ్డో ఇచ్చి పోతాయి. సరదాకు ఒకటి రెండు పెట్టుకోవచ్చు, లెక్కకు మాత్రం అవి నిలవవు.

నీరు: బిల్లు చిన్నది, షరతులు పెద్దవి

ఏప్రిల్‌లో ఈ తోటకు రోజుకు ఎంత కావాలో చూద్దాం. ఎదిగిన కాయగూర బ్యాగుకు లీటరున్నర చొప్పున 30 లీటర్లు, ఆకుకూరల తొట్లకు పది, పెద్ద మొక్కలు రెండింటికి ఎనిమిది, అంటే యాభై లీటర్ల లోపే. నెలకు 1,500 లీటర్లు. 2024 మార్చి నీటి ఎద్దడిలో జిల్లా యంత్రాంగం అయిదు కిలోమీటర్ల లోపు ఆరు వేల లీటర్ల ప్రైవేటు ట్యాంకరుకు రూ. 600 గరిష్ఠ ధరగా నిర్ణయించింది. ఆ రేటున నెలకు తోటకు పడేది రూ. 150. ట్యాంకరుకు రూ. 1,500 ఇచ్చుకోవలసి వచ్చినా రూ. 375.

కాబట్టి నీరు ఖరీదు వల్ల కాదు, దొరకకపోవడం వల్లనే తోటను దెబ్బతీస్తుంది. అదే నెలలో బెంగళూరు జలమండలి తాగునీటిని తోటలకు, వాహనాలు కడగడానికి వాడరాదని నిషేధించి రూ. 5,000 జరిమానా పెట్టింది. కావేరి నీళ్లు ఒక్కటే నమ్ముకుని తోట పెట్టినవారికి అలాంటి వేసవిలో వేరే దారి ఉండదు. సొంత ఇంట్లో ఉన్నవారు పైకప్పు వాననీటిని ఒక డ్రమ్ములోకో సంపులోకో మళ్లించుకోవాలి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే, చెదిరిపోయేది తీసేసినా 700 లీటర్లకు పైగా వస్తుంది, అంటే ఈ తోటకు వేసవిలో రెండు వారాల నీరు. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు నిస్సంకోచంగా పోయవచ్చు. ఆర్‌వో యంత్రం వదిలే నీటిని మాత్రం రోజూ అవే పోయకూడదు, దానిలో ఉప్పు చిక్కబడి ఉంటుంది. గట్టి బోరు నీళ్ల విషయమూ అంతే. లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే, అది ఇనుము అందకపోవడం. దానికి ఎరువు పెంచడం కన్నా, వాన వచ్చినప్పుడల్లా కుండీలను బాగా తడవనివ్వడం మంచిది.

చేత్తో పోయాలా, డ్రిప్ పెట్టాలా అనే ప్రశ్నకు సమాధానం మీరు ఎన్నాళ్లు ఊరికి వెళ్తారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఇరవై ఆరు కుండీల డ్రిప్ సామాను రూ. 1,500, టైమరు రూ. 2,000 వేసుకోండి. టైమరు కొనేటప్పుడు అది బాల్ వాల్వు రకమా, సోలినాయిడ్ రకమా అని అడగడం మరవవద్దు. మేడ మీది ట్యాంకు తోటకంటే రెండు మీటర్ల ఎత్తున ఉంటే అక్కడి ఒత్తిడి 0.2 బార్ మాత్రమే. చాలా సోలినాయిడ్ వాల్వులు అంత తక్కువ ఒత్తిడిలో సరిగా తెరుచుకోవు, మూసుకోవు. బాల్ వాల్వు రకం మోటారుతో తిరుగుతుంది కనుక ఒత్తిడితో దానికి పని లేదు. ఊరికి బయలుదేరే ముందు రోజు కాకుండా కనీసం వారం ముందు అమర్చి, ప్రతి కుండీ కింద తడి వస్తోందో లేదో చూసుకోవాలి.

నెల ఖర్చు

| పద్దు | సొంతంగా చూసుకుంటే | తోటమాలితో |
|---|---|---|
| వర్మీకంపోస్టు 7 కిలోలు | రూ. 105 | రూ. 105 |
| వేపపిండి, వేపనూనె | రూ. 110 | రూ. 110 |
| నారు, విత్తనాలు (సగటున) | రూ. 120 | రూ. 120 |
| నీరు | రూ. 150 | రూ. 150 |
| వారానికోసారి వచ్చే తోటమాలి | – | రూ. 1,600 |
| మొత్తం | రూ. 485 | రూ. 2,085 |

ఈ అంకెలు బస్తా కొని వాడుకునేవారివి. అదే వర్మీకంపోస్టును నెలనెలా కిలో ప్యాకెట్లుగా కొంటే ఆ ఒక్క పద్దే రెండు మూడింతలు అవుతుంది. వంటింటి చెత్తతో కంపోస్టు చేసుకునే ఇంట్లో అది దాదాపు సున్నా.

వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కొన్ని చుక్కల సబ్బు ద్రవంతో కలిపి, సాయంత్రం ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. పేనుబంక, తెల్లదోమలకు తొలి వారంలో ఇది చాలు. పిండినల్లి తెల్లటి దూదిలా కణుపుల్లో స్థిరపడ్డాక పైన కొట్టిన మందు దిగదు, ముందు బ్రష్‌తో తీసేయాలి. మార్చి, ఏప్రిల్‌లలో వంకాయ ఆకుల మీద సన్నటి లేత చుక్కలు, అడుగున సాలెగూడు వంటి పోగులు కనిపిస్తే అది ఎర్రనల్లి. పొడి వేడిలో పెరిగే పురుగు కనుక, ఆకుల అడుగున నీటి ధార కొట్టడమే సగం మందు.

ఇక మొదటి ఏడాది మొత్తం. హెచ్‌డీపీఈ బ్యాగులు 2,100, మట్టి మిశ్రమం 5,730, మొక్కలు 900, బ్యాగుల కింద ఇటుకలు 800, తవ్వుగోలు, స్ప్రేయరు వగైరా 600, కలిపి రూ. 10,130. నెల ఖర్చు పన్నెండు నెలలకు రూ. 5,820. అంటే రూ. 16,000 దగ్గర. తోటమాలితో అయితే రూ. 35,000 దాటుతుంది. రెండో ఏడాది కుండీలు, పనిముట్లు కొనక్కర్లేదు, కానీ మట్టి అణిగి, పొట్టు కుళ్లి, ప్రతి కుండీలో ఐదో వంతు ఖాళీ అవుతుంది. దాన్ని నింపడానికి సుమారు రూ. 1,200 పక్కన పెట్టుకోవాలి.

ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉండి, ఏడాదిలో మారవచ్చనుకునేవారు హెచ్‌డీపీఈ బ్యాగులు, మట్టి కలిసిన మిశ్రమం తీసుకుని, ఇరవై ఆరుకు బదులు పది బ్యాగులతో ఆపాలి. నిమ్మ, కరివేపాకు వంటి పెద్దవి వద్దు. యజమానికి ముందుగా చెప్పి, కింద ఇటుకలు పెట్టి, స్లాబు ఆరేలా చూసుకుంటే తరువాత మాటలు పడవలసిన పని ఉండదు.

సొంత ఇల్లు ఉండి, పది రోజులకు మించి ఊళ్లకు వెళ్లేవారు గోడల వెంట నాలుగు సగం డ్రమ్ములు, మిగతా బ్యాగులు, బాల్ వాల్వు టైమరుతో డ్రిప్ అని మిశ్రమంగా పెట్టుకోవడం మంచిది. అంతకంటే ముందు మేడ నీటిని ఆపుతుందో లేదో చూడాలి. నీళ్లు పోయే గొట్టాలకు గుడ్డ కుక్కి, అంగుళం లోతు నీరు నింపి రెండు రోజులు ఉంచి, కింది గది కప్పుకు చెమ్మ వస్తోందేమో చూస్తే తెలుస్తుంది. చెమ్మ కనిపిస్తే వాటర్‌ప్రూఫింగ్ తరువాతే తోట. ఆ ఖర్చును తోట ఖాతాలో రాయకండి, అది ఎలాగూ ఇంటికి కావలసిందే.

ఇంట్లో పెద్దవారు తోట చూసుకుంటామంటే ధర కన్నా ఎత్తు ముఖ్యం. మోకాలి ఎత్తు ఇనుప స్టాండ్ల మీద బ్యాగులు పెడితే వంగక్కర్లేదు. స్టాండ్లకు మూడు నాలుగు వేలు అదనంగా అవుతుంది, అయినా నెలకు 1,600 తోటమాలితో పోలిస్తే మూడు నెలల్లో తిరిగి వస్తుంది. అక్కడ మట్టి లేని తేలిక మిశ్రమమే వాడాలి, లేకపోతే స్టాండు కాళ్ల కింద బరువు ఒక్క చోటే పడుతుంది.

అపార్ట్‌మెంటువారికి మేడ అందరిదీ కనుక అసోసియేషన్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. చాలా చోట్ల తోటకు ఎస్‌టీపీలో శుద్ధి చేసిన మురుగునీళ్లే ఇస్తారు. అవి గడ్డికీ, పూలకూ సరిపోతాయి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనా, ఆకుకూరలకు మాత్రం వాడకండి, వాటికి ఇంటి నుంచి ఒక బకెట్టు మోసుకెళ్లాలి. ఆ మోతకు ఓపిక లేనివారు ఆకుకూరలను బాల్కనీలో రెండు తొట్లకు పరిమితం చేసి, మేడ మీద పూలు మాత్రమే పెట్టుకోవడం తక్కువ ఖర్చు.

ఎవరైనా సరే, కొనుగోలును రెండు దఫాలుగా చేయండి. జూన్‌లో పది బ్యాగులకు సరిపడా మిశ్రమం కలిపి ఆకుకూరలు, బెండ, మిరప వేయండి. అక్టోబరు వానలు తగ్గేసరికి ఏ మూల నీరు నిలుస్తోందో, ఏ వైపు ఎండ చాలడం లేదో తెలుస్తుంది. మిగిలిన పదహారింటి మట్టిని, ఆ చోట్లు చూసుకున్న తరువాత కొనవచ్చు.